ఒక్క బ్లూటూత్ స్పీకర్, తొమ్మిది మంది డీజేలు: ఎవరికి ఏ పద్ధతి సరిపోతుంది?

సంక్రాంతికి ఊరు వెళ్లలేక బెంగళూరులోనే ఉండిపోయిన తొమ్మిది మందిమి ఆ ఏడాది మారతహళ్లిలో మా బిల్డింగ్ టెర్రస్ మీద కలిశాం. బిర్యానీ వేళకే వచ్చింది, స్పీకర్ ఫుల్ ఛార్జింగ్‌తో ఉంది. కానీ పాట ఒక్కటీ కుదురుగా సాగలేదు. "ఒరేయ్, ఎవడి ఫోన్ కనెక్ట్ అయి ఉందిరా? డిస్‌కనెక్ట్ చెయ్యి!" అని ఒకడు అరవడం, "నాది కాదు మామా" అని ఎనిమిది మందీ అనడం. చివరికి చూస్తే అది, ఫోన్‌ని కింద ఫ్లాట్‌లో ఛార్జింగ్‌కి పెట్టి వచ్చినవాడిది.

ఆ రాత్రి సరదాకి లెక్కేశాను. మూడు గంటల్లో మనిషికి రెండు పాటల చొప్పున దాదాపు ఇరవై సార్లు ఫోన్ మారింది. పాత ఫోన్ తెంచి కొత్తది కలిపి పాట మొదలయ్యేసరికి బాగా జరిగినా నలభై సెకన్లు పట్టేది. అంటే పదమూడు నిమిషాలకు పైగా స్పీకర్‌లోని ఆ "కనెక్టెడ్" గొంతు తప్ప ఇంకేమీ వినలేదు. గొడవపడ్డ టైమ్ దీనికి అదనం.

ఆ తర్వాత మా గ్యాంగ్‌లో దాదాపు అన్ని పద్ధతులూ ప్రయత్నించాం. ఏది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చెబుతాను.

## ముందు ఇది ఎందుకు తెగుతుందో

పెయిర్ అవడం వేరు, కనెక్ట్ అవడం వేరు. పెయిరింగ్ అంటే ఒకసారి పరిచయం చేసుకోవడం. స్పీకర్ ఆ పేరును గుర్తుపెట్టుకుంటుంది, చాలా మోడళ్లు ఏడెనిమిది ఫోన్ల దాకా గుర్తుంచుకుంటాయి. కనెక్షన్ అంటే ఇప్పుడు ఎవరితో మాట్లాడుతోంది అన్నది. మామూలు స్పీకర్ పాటల కోసం ఒక సమయంలో ఒక్క ఫోన్‌తోనే మాట్లాడుతుంది. చాలా మోడళ్లలో ఆ ఫోన్ వదిలేదాకా రెండోది ఎంత నొక్కినా రాదు.

చిక్కంతా ఆ పరిచయాల జాబితాలో ఉంది. స్పీకర్ ఆన్ కాగానే చివరగా కలిసిన ఫోన్‌ని అదే వెతుక్కుంటుంది. ఫోన్లు కూడా పాత స్పీకర్ కనబడితే వాటంతట అవే అతుక్కుంటాయి. కాబట్టి రాహుల్ డిస్‌కనెక్ట్ చేసి శ్రీను కనెక్ట్ చేసేలోపు, ఎప్పుడో పోయిన నెల పెయిర్ చేసుకున్న మూడోవాడి ఫోన్ మధ్యలో దూరిపోతుంది. వాడి తప్పేమీ లేదు, వాడికి తెలియను కూడా తెలియదు.

మేము చివరికి తేల్చుకున్నది ఇది: స్పీకర్ కనెక్షన్ మొదటి నుంచి చివరి దాకా ఒక్క చోటే ఉండాలి, వంతులు పాటల క్యూలో తిరగాలి. కింద చెప్పే పద్ధతుల్లో మంచివన్నీ ఏదో ఒక రూపంలో ఇదే చేస్తాయి.

## ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి

మీ దగ్గర ఎంతమంది ఉంటారన్నది మొదటి ప్రశ్న. ముగ్గురికి సరిపోయేది పదిమందికి సరిపోదు. రెండోది, ఇంటర్నెట్ ఎలా ఉంది. టెర్రస్ మీదికి వైఫై వస్తుందా, లేక ఎవరో ఒకరి హాట్‌స్పాట్ మీద బతకాలా? మూడోది, వచ్చినవాళ్లతో కొత్త యాప్ వేయించగలరా? మూడు పాటల కోసం ఎవరూ లాగిన్, ఓటీపీ గొడవ పెట్టుకోరు. నాలుగోది చాలామంది మర్చిపోతారు: ఫోన్ కాల్స్, నోటిఫికేషన్లు, రీల్స్ చప్పుడు స్పీకర్‌లో రాకుండా ఆపగలమా?

| పద్ధతి | ఎంతమందికి | ఇంటర్నెట్ | వచ్చినవాళ్లకు ఏం కావాలి | ముఖ్యమైన ఇబ్బంది |
|---|---|---|---|---|
| విడివిడిగా పెయిర్ చేసుకోవడం | ఇద్దరు | ఎవరిది వాళ్లది | ఏమీ అక్కర్లేదు | మార్చిన ప్రతిసారీ తెగుతుంది |
| రెండు ఫోన్లు ఒకేసారి పట్టే స్పీకర్ | ముగ్గురు, నలుగురు | ఎవరిది వాళ్లది | ఏమీ అక్కర్లేదు | రీల్స్ చప్పుడు, మూడోవాడు |
| స్పాటిఫై జామ్ | 5 నుంచి 30 మంది | తప్పనిసరి | స్పాటిఫై యాప్ | నడిపేవాళ్లకు ప్రీమియం ఉండాలి |
| టీవీ యూట్యూబ్ క్యూ | హాల్లో పట్టినంత మంది | తప్పనిసరి | యూట్యూబ్ యాప్ | ప్రకటనలు, పొరపాటు నొక్కుడు |
| ఒక్క ఫోన్ మధ్యలో పెట్టడం | ఎంతమందికైనా | ఒక్క ఫోన్‌కి | ఏమీ అక్కర్లేదు | ఫోన్ యజమాని టెన్షన్ |
| ఆక్స్ వైర్ | ఎంతమందికైనా | ఎవరిది వాళ్లది | కన్వర్టర్ | స్పీకర్‌లో పిన్ ఉండాలి |

మొదటి పద్ధతి గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు. ఇద్దరు రూమ్మేట్స్ అయితే పర్వాలేదు, అంతకు మించితే వద్దు.

## రెండు ఫోన్లు ఒకేసారి పట్టే స్పీకర్

దీన్ని మల్టీపాయింట్ అంటారు. బోస్ సౌండ్‌లింక్ వరుసలో కొన్ని స్పీకర్లకు ఇది చాలా ఏళ్లుగా ఉంది. ఎనిమిది ఫోన్లను గుర్తుంచుకుని, అందులో రెండింటితో ఒకేసారి కనెక్ట్ అయి ఉంటాయి. వేరే కంపెనీల్లో కూడా కొన్ని మోడళ్లలో ఉంది, కొన్నింటిలో లేదు. పేరు చూసి నమ్మకండి, మోడల్ మాన్యువల్‌లోనే చూడాలి.

మాన్యువల్ లేకపోతే ఇలా తెలుసుకోవచ్చు. మొదటి ఫోన్‌లో పాట పెట్టండి. స్పీకర్ మీద బ్లూటూత్ బటన్ నొక్కి రెండో ఫోన్‌ని పెయిర్ చేయండి. ఇప్పుడు మొదటి ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో ఇంకా `Connected` అనే ఉందా? ఉంటే మొదటి దాంట్లో పాజ్ చేసి, రెండో దాంట్లో ప్లే నొక్కండి. పాట వస్తే మీ స్పీకర్‌కి ఆ సౌకర్యం ఉన్నట్టే.

ఇక్కడ కొనేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఒక మాట దగ్గర. పెట్టె మీద పార్టీ మోడ్, పార్టీ కనెక్ట్, ఆరాకాస్ట్ లాంటివి కనిపిస్తే, ఎక్కువమంది ఫోన్లు కలపొచ్చని అనుకుంటారు. సాధారణంగా అవి దానికి సరిగ్గా తిరగేసినవి. ఒక్క ఫోన్ నుంచి వచ్చే పాటను చాలా స్పీకర్లలో వినిపించడానికి పెట్టినవి. మా వాడొకడు దీనికోసమే పాత స్పీకర్ అమ్మేసి కొత్తది కొన్నాడు. దాంట్లోనూ ఒక్క ఫోనే.

మల్టీపాయింట్ స్పీకర్ ఉన్నవాళ్లు ఎలా వాడాలంటే, ఒక స్థానం ఇంటివాళ్ల ఫోన్‌కి ఖాయం చేయండి, రెండోదే చేతులు మారాలి. మూడో ఫోన్ కనెక్ట్ అయితే ఉన్న రెండింటిలో ఒకటి ఊడుతుంది. ఏది ఊడుతుందన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది. అలాగే కొన్ని స్పీకర్లలో మొదటివాడు పాజ్ చేసేదాకా రెండోవాడి పాట రాదు. కొన్నింటిలో రెండోవాడు ఏది తెరిచినా అదే వినిపిస్తుంది. ఈ రెండో రకంలో ఒకడు తెలియక రీల్స్ తెరిచాడంటే పల్లవి మధ్యలో వంటల వీడియో మొదలవుతుంది.

ఇంకొకటి వాల్యూమ్. ప్రతి ఫోన్ తన వాల్యూమ్ తనే గుర్తుపెట్టుకుంటుంది. నెమ్మదిగా వింటున్నప్పుడు ఫుల్ వాల్యూమ్ ఉన్న ఫోన్‌కి మారితే ఒక్కసారిగా గుండె అదురుతుంది. రాత్రి పది దాటాక టెర్రస్ మీద ఇలా జరిగితే కింద ఓనర్ అంకుల్ పైకి రావడానికి రెండు నిమిషాలు చాలు. మాకు వచ్చారు.

## స్పాటిఫై జామ్

మా గ్యాంగ్ చివరికి ఆగింది ఇక్కడే, అందుకే దీని మీద కాస్త ఎక్కువ రాస్తున్నాను.

2023 సెప్టెంబర్‌లో వచ్చిన సౌకర్యం ఇది. ఒకరి ఫోన్ స్పీకర్‌కి కనెక్ట్ అయి ఉంటుంది. మిగతావాళ్లు తమ ఫోన్ల నుంచి అదే క్యూలో పాటలు వేస్తారు. వాళ్ల ఫోన్లు స్పీకర్‌తో కనెక్ట్ అవ్వాల్సిన పనే లేదు. మొత్తం 32 మంది దాకా చేరొచ్చు. మొదలుపెట్టేవాళ్లకు ప్రీమియం ఉండాలి. అదే చోట ఉన్నవాళ్లు ఫ్రీ అకౌంట్‌తో కూడా చేరిపోవచ్చు.

పాట ఏదైనా పెట్టి, మూడు చుక్కల మెనూలో `Start a Jam` నొక్కితే ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. దాన్ని అందరూ స్కాన్ చేస్తారు. స్కాన్ చేసినవాళ్లు పాట వెతికి క్యూలో వేస్తే, ఎవరు వేశారో పేరుతో సహా కనిపిస్తుంది. వరుస మార్చే, పాట తీసేసే అధికారం మొదలుపెట్టినవాళ్ల చేతిలో ఉంటుంది.

మొన్న పుట్టినరోజుకి ఎలా చేశామో చెబుతాను, తొమ్మిది మందికి సరిపోయిన లెక్క ఇది. స్వాతి ఫోన్‌లో ప్రీమియం ఉంది కాబట్టి ఆ ఫోన్‌ని స్పీకర్ పక్కనే ఛార్జర్ పెట్టి ఉంచాం. టెర్రస్ మీదికి వైఫై అందలేదు, మొబైల్ డేటా మీదే నడిపాం. పాటల నాణ్యత 160 కేబీపీఎస్‌లో ఉంటే గంటకు దాదాపు 72 ఎంబీ, మూడు గంటలకు 216 ఎంబీ. రోజుకి ఒకటిన్నర జీబీ ఉన్న ప్లాన్‌కి ఇదేం లెక్క కాదు. వచ్చినవాళ్లలో ఇద్దరికి స్పాటిఫై లేదు. వాళ్లకు యాప్ వేయించకుండా, పక్కవాళ్ల ఫోన్ నుంచి వేసుకోమన్నాం.

మొదటి పావుగంటలోనే ఒకడు వరసగా పన్నెండు పాటలు వేశాడు. అవన్నీ అయ్యేసరికి దాదాపు గంట. రెండోవాడికి తన పాట ఎప్పుడొస్తుందో అర్థం కాక, ఏకంగా స్కిప్ కొట్టడం మొదలుపెట్టాడు. అందుకని అప్పటికప్పుడు ఒక నియమం పెట్టాం: క్యూలో ఒకరివి ఒకసారికి రెండు పాటలే ఉండాలి, అవి అయ్యాకే మళ్లీ వేయాలి. ఎక్కువ వేస్తే స్వాతి నిర్మొహమాటంగా తీసేస్తుంది. ఈ నియమం లేకపోతే జామ్ కూడా పాత గొడవే, మీద క్యూఆర్ కోడ్ తగిలించినట్టు.

దీని లోటు కూడా చెప్పాలి. మీకు కావాల్సిన పాట స్పాటిఫైలో లేకపోతే అంతే సంగతులు. మా గుంటూరు స్నేహితుడు అడిగే జాతర డప్పు రికార్డింగులు యూట్యూబ్‌లోనే ఉంటాయి. అలాగే ఇంటర్నెట్ పోతే క్యూ కూడా ఆగిపోతుంది. సిగ్నల్ సరిగా రాని రిసార్ట్‌కి వెళ్తుంటే దీన్ని నమ్ముకోవద్దు.

## టీవీ యూట్యూబ్

హాల్లో కూర్చునే పార్టీ అయితే, పైసా ఖర్చు లేకుండా అవ్వాలంటే ఇదే మంచిది. స్మార్ట్ టీవీలో యూట్యూబ్ తెరిచి, అదే వైఫైలో ఉన్న ఫోన్లలో కాస్ట్ గుర్తు నొక్కితే అందరూ ఆ టీవీకి కలుస్తారు. ఎవరు పాట వేసినా ఒకే క్యూలోకి వెళ్తుంది. స్పీకర్ టీవీకి కనెక్ట్ అయి ఉంటుంది, కాబట్టి ఫోన్ల మధ్య మార్పిడే ఉండదు. అయితే అన్ని టీవీల్లో బ్లూటూత్ ఆడియో ఉండదు, ముందురోజే చూసుకోండి.

పాట నొక్కగానే ఫోన్‌లో రెండు దారులు కనిపిస్తాయి: `Play`, `Add to queue`. తొందరలో మొదటిది నొక్కితే నడుస్తున్న పాట చచ్చిపోతుంది. ప్రతిసారీ ఎవరో ఒకరు చేస్తారు, పార్టీకి రెండు మూడు సార్లు భరించాల్సిందే. ప్రీమియం లేకపోతే మధ్యలో ప్రకటనలు కూడా వస్తాయి.

పిన్నులు, బాబాయిలు ఉన్న ఫంక్షన్‌కి నేను దీన్నే ఎంచుకుంటాను. వాళ్లకు యూట్యూబ్ తెలుసు, పాట తెర మీద కనిపిస్తుంది, ఏ పాట తర్వాత ఏదో కూడా తెలుస్తుంది. ఎవరైనా పాటతో పాటు పాడాలనుకుంటే మాత్రం బ్లూటూత్ స్పీకర్ వద్దు. టీవీలో బొమ్మకీ స్పీకర్ గొంతుకీ మధ్య చిన్న ఆలస్యం ఉండొచ్చు. పెదాలు కదిలాక పాట వస్తే పాడేవాళ్లు తడబడతారు.

## ఒక్క ఫోన్ మధ్యలో పెట్టడం

వినడానికి చాలా మామూలుగా ఉంటుంది గానీ, ఎంతమందికైనా, ఏ యాప్‌తోనైనా పనిచేసే పద్ధతి ఇది. అల్మారాలో పడి ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే ఇంకా మంచిది. సిమ్ తీసేసి వైఫైకో హాట్‌స్పాట్‌కో కలిపి, డూ నాట్ డిస్టర్బ్ పెట్టి, ఛార్జర్‌కి తగిలించి టేబుల్ మీద పడేస్తే కాల్ రాదు, వాట్సాప్ మోత రాదు. ఎవరైనా వచ్చి పాట వెతికి క్యూలో వేసి వెళ్లిపోతారు.

సొంత ఫోనే పెట్టాల్సి వస్తే టెన్షన్ ఉంటుంది. ఫోటోలు, బ్యాంక్ మెసేజ్‌లు, ఇంకేవేవో ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్, ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ అనే సెట్టింగ్స్ ఉన్నాయి. అవి ఆన్ చేస్తే పాటల యాప్ దాటి పాస్‌కోడ్ లేకుండా బయటికి రాలేరు. ఆండ్రాయిడ్‌లో ఆన్ చేసేటప్పుడు, పిన్ తీసేటప్పుడు కోడ్ అడగాలి అన్న చిన్న ఆప్షన్‌ని కూడా ఎంచుకోండి, లేకపోతే ప్రయోజనం లేదు. ఆండ్రాయిడ్‌లో ఇంకో పని: బ్లూటూత్ సెట్టింగ్స్‌లో స్పీకర్ పేరు పక్కన గేర్ గుర్తు నొక్కి, అక్కడ ఉన్న `Phone calls` ఆపేయండి. కాల్ వచ్చినా మాటలు స్పీకర్‌లోకి వెళ్లవు. అమ్మ ఫోన్ చేసి "తిన్నావా నాన్నా" అని అడగడం తొమ్మిది మందికీ వినపడాల్సిన అవసరం లేదు.

యూట్యూబ్ మామూలు యాప్ అయితే, ప్రీమియం లేకపోతే స్క్రీన్ ఆగగానే పాట ఆగిపోతుంది. స్క్రీన్ టైమ్‌అవుట్ పెంచి ఉంచండి.

## ఆక్స్ వైర్ గురించి రెండు మాటలు

స్పీకర్‌కి 3.5 ఎంఎం పిన్ ఉంటే, వైర్ తీసి ఇంకొకరి ఫోన్‌కి పెట్టడం రెండు సెకన్ల పని. పెయిరింగ్ గొడవ ఉండదు. కొత్త స్పీకర్లలో ఈ పిన్ తగ్గిపోతోంది, కొత్త ఫోన్లలో అయితే చాలావాటికి లేదు. టైప్-సి కన్వర్టర్ కావాలి. బెంగళూరు ఎస్పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో చవగ్గా దొరికేవి అన్ని ఫోన్లకూ పనిచేయవు. కొన్ని ఫోన్లకు లోపల చిప్ ఉన్న కన్వర్టరే కావాలి, కాబట్టి షాపులోనే మీ ఫోన్‌కి పెట్టి పాట విని కొనండి.

## ఎవరికి ఏది

పీజీ రూమ్‌లో ముగ్గురు నలుగురు అయితే, స్పీకర్‌కి రెండు ఫోన్ల సౌకర్యం ఉంటే అదే చాలు. లేకపోతే దీనికోసం కొత్త స్పీకర్ కొనొద్దు, ఒక్క ఫోన్ మధ్యలో పెట్టండి. ఎనిమిది పది మంది టెర్రస్ పార్టీకి, ఎవరో ఒకరికి ప్రీమియం ఉంటే జామ్. ఎవరికీ లేకపోతే సిమ్ తీసేసిన పాత ఫోన్. కుటుంబంతో అయితే టీవీ. ఊరి బయట సిగ్నల్ లేని చోటికి వెళ్తుంటే, పాటలు ముందే డౌన్‌లోడ్ చేసిన ఒక్క ఫోన్, లేదా ఆక్స్ వైర్.

## ఏ పద్ధతైనా, పార్టీకి ముందు

స్పీకర్ జ్ఞాపకాన్ని తుడిచేయండి. చాలా మోడళ్లలో ఒకటి రెండు బటన్లు కొన్ని సెకన్లు నొక్కి పడితే పాత పెయిరింగులన్నీ పోతాయి. ఏ బటన్లన్నది మాన్యువల్‌లో ఉంటుంది. తర్వాత ఒక్క ఫోన్‌నే పెయిర్ చేయండి. ఇంతకు ముందు దీనికి కలిసిన ఫోన్లు ఉంటే, వాటిలోనూ స్పీకర్ పేరు మీద `Forget` నొక్కించండి. ఐఫోన్ వాళ్లు కంట్రోల్ సెంటర్‌లో బ్లూటూత్ గుర్తు నొక్కితే పూర్తిగా ఆగిందనుకుంటారు. అది తాత్కాలికంగా విడదీయడమే, మర్నాడు మళ్లీ వచ్చి అతుక్కుంటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి `Forget This Device` చేస్తేనే పోతుంది.

అయినా తెగుతుంటే చప్పుడు వినండి. పాట ముక్కలు ముక్కలుగా గరగరమంటూ వస్తుంటే దూరం సమస్య. చాలా ఫోన్లకు, స్పీకర్లకు బ్లూటూత్ సుమారు పది మీటర్లు, అదీ అడ్డు లేకపోతే. మధ్యలో నీళ్ల ట్యాంకో, స్లాబో, నలుగురు మనుషులో ఉంటే అంత కూడా రాదు. అందుకే ఆ ఫోన్‌ని జేబులో పెట్టుకుని ఐస్ తేవడానికి కిందికి దిగకండి. అలా కాకుండా పాట శుభ్రంగా ఆగిపోయి వెంటనే కనెక్టెడ్ అన్న గొంతో, టింగ్ అన్న మోతో వస్తే, ఇంకెవరి ఫోనో లాగేసుకుంది. స్పీకర్ ఆన్‌లోనే ఉండి కాసేపు పాట లేకపోతే తనే ఆరిపోయే మోడళ్లు కూడా ఉన్నాయి. భోజనాల మధ్య పాట ఆపాలనిపిస్తే వాల్యూమ్ తగ్గించి నడుస్తూనే ఉంచండి, పూర్తిగా పాజ్ చేయకండి.